పెద్దవాళ్ల ఎఫ్‌డీ వడ్డీ: లక్ష వేరు, యాభై వేలు వేరు

కర్నూలులో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసే పని చేస్తాను. జూన్ వచ్చిందంటే నా ముందు కూర్చునేవాళ్లలో సగం మందికి పైగా రిటైరైనవాళ్లే. టీచర్లు, ఆర్టీసీ వాళ్లు, కరెంటాఫీసు వాళ్లు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బును బ్యాంకులో వేసుకుని, పెన్షనూ ఆ వడ్డీతోనూ బతుకుతున్నవాళ్లు. వడ్డీ మీద పన్ను గురించి వాళ్లు విన్న మాటల్లో కొన్ని పాతబడిపోయాయి, కొన్ని మొదటి నుంచీ తప్పే. ఏటా విడివిడిగా చెప్పే మాటలను ఈసారి ఒకచోట రాస్తున్నాను. కింది అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, అంటే 2026 జులై 31 లోపు వేసే రిటర్నుకు పనికొచ్చేవి.

అపోహ: బ్యాంకు టీడీఎస్ పట్టుకోలేదంటే ఆ వడ్డీ మీద పన్ను లేనట్టే.

ఆదోని నుంచి ఒక అయ్యవారు వచ్చారు. 68 ఏళ్లు, హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. పెన్షన్ నెలకు 40,000, ఏడాదికి 4,80,000. ఒక బ్యాంకులో 12 లక్షలు, ఇంకో బ్యాంకులో 10 లక్షలు 7 శాతం వడ్డీకి ఎఫ్‌డీ వేసుకున్నారు. మొదటి దాంట్లో ఏడాదికి 84,000, రెండో దాంట్లో 70,000 వడ్డీ. సేవింగ్స్ ఖాతాలో పడిన వడ్డీ 11,000.

"రెండు బ్యాంకులూ ఒక్క రూపాయి పట్టుకోలేదు. లక్ష దాకా ట్యాక్స్ లేదని కౌంటర్లో చెప్పినారు. మళ్లీ ఇదంతా ఎందుకప్పా చూపించేది?" అని అడిగారు.

కౌంటర్లో చెప్పిన లక్ష నిజమే, కానీ అది బ్యాంకుకు పెట్టిన హద్దు. 60 ఏళ్లు నిండినవాళ్లకు ఒక బ్యాంకులో ఏడాది ఎఫ్‌డీ వడ్డీ లక్ష దాటితేనే బ్యాంకు 10 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. 2025 మార్చి దాకా ఈ హద్దు 50,000 ఉండేది, 2025 ఏప్రిల్ 1 నుంచి లక్ష చేశారు. ఏ బ్యాంకు లెక్క ఆ బ్యాంకుదే. అయ్యవారికి రెండు చోట్లా లక్ష లోపే కాబట్టి ఎవరూ పట్టుకోలేదు. సేవింగ్స్ వడ్డీ మీదైతే టీడీఎస్ అనేదే ఉండదు.

ఆదాయం లెక్కకు వచ్చేసరికి ఈ హద్దులేవీ పనిచేయవు. 84,000, 70,000, 11,000 కలిపి 1,65,000 మొత్తం ఆయన ఆదాయమే. ఆ వడ్డీ వివరాలను బ్యాంకులు పంపుతాయి కూడా. ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్లో లాగిన్ అయి వార్షిక సమాచార నివేదిక (అందరూ ఏఐఎస్ అంటారు) తెరిచి చూపిస్తే, రెండు బ్యాంకుల పేర్లతో వడ్డీ అంకెలు కనపడ్డాయి. అయ్యవారు కాసేపు మాట్లాడలేదు. రిటర్నులో చూపని వడ్డీకి నోటీసు వచ్చేది ఈ నివేదికను బట్టే. అందుకే రిటర్ను వేసే ముందు పాస్‌బుక్కుతో పాటు ఏఐఎస్‌ను కూడా తప్పనిసరిగా పోల్చి చూస్తాను.

అపోహ: పెద్దవాళ్లకు 50,000 వడ్డీ మాఫీ ఉంది కాబట్టి పాత పన్ను విధానమే మేలు.

అయ్యవారు తర్వాత అడిగింది ఇదే. ఆ మాఫీ పేరు 80టీటీబీ. 2018-19 నుంచి ఉంది. మనదేశ నివాసి అయి, ఆ ఏడాదిలో ఎప్పుడైనా 60 నిండినవాళ్లకు బ్యాంకు, సహకార బ్యాంకు, పోస్టాఫీసు డిపాజిట్ల వడ్డీలో 50,000 దాకా ఆదాయంలోంచి తీసేస్తారు. సేవింగ్స్, ఎఫ్‌డీ, ఆర్‌డీ అన్నీ కలిపి 50,000. బ్యాంకుకో 50,000 కాదు, మనిషికి ఒక్కటే.

అయితే ఈ మినహాయింపు పాత విధానంలోనే దొరుకుతుంది. కొత్త విధానంలో లేదు. ఈ ఒక్క మాట పట్టుకుని చాలామంది పాతదే ఎంచుకుంటున్నారు. అయ్యవారి లెక్క రెండు రకాలుగా వేసి చూద్దాం.

పాత విధానంలో పెన్షన్ 4,80,000 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ 50,000 పోతే 4,30,000. వడ్డీ 1,65,000 కలిపితే 5,95,000. 80టీటీబీ కింద 50,000 తీసేస్తే 5,45,000. 60 దాటినవాళ్లకు 3 లక్షల దాకా పన్ను లేదు. 3 నుంచి 5 లక్షల వరకు 5 శాతం, అంటే 10,000. పైనున్న 45,000 మీద 20 శాతం, అంటే 9,000. మొత్తం 19,000, దాని మీద 4 శాతం సెస్ 760. కట్టాల్సింది 19,760. పాత విధానంలో పన్ను పూర్తిగా పోవాలంటే ఆదాయం 5 లక్షలకు దిగాలి, దానికి ఇంకో 45,000 మినహాయింపు చూపాలి. ఆయనకు ఇన్సూరెన్సు ప్రీమియంలు ఏవీ లేవు.

కొత్త విధానంలో పెన్షన్ నుంచి 75,000 పోతుంది, మిగిలేది 4,05,000. వడ్డీ 1,65,000 మొత్తం కలపాలి, ఒక్క రూపాయి మాఫీ లేదు. ఆదాయం 5,70,000. 4 లక్షల పైనున్న 1,70,000 మీద 5 శాతం, అంటే 8,500 పన్ను. కానీ కొత్త విధానంలో ఆదాయం 12 లక్షల లోపుంటే 87ఏ కింద రిబేటు వచ్చి ఆ పన్ను మొత్తం పోతుంది. కట్టాల్సింది సున్నా.

50,000 మాఫీ వదులుకుంటే 19,760 మిగిలింది. మామూలు పెన్షన్, ఎఫ్‌డీ వడ్డీ మాత్రమే ఉండి మొత్తం 12 లక్షల లోపున్నవాళ్లకు ఇప్పుడు 80టీటీబీ కోసం పాత విధానం పట్టుకుని ఉండాల్సిన అవసరం నాకైతే కనపడదు. జాగ్రత్త పడాల్సింది ప్లాటో ఇల్లో అమ్మిన ఏడాది. ఆ లాభం కూడా 12 లక్షల లెక్కలోకి వస్తుంది, ప్రత్యేక రేటుతో పన్ను పడే లాభానికి ఈ రిబేటు వర్తించదు. ఆ ఏడాది రెండు విధానాల్లోనూ లెక్క వేయించుకోకుండా రిటర్ను వేయొద్దు.

పెన్షన్, వడ్డీ మాత్రమే ఉన్నవాళ్లు విధానాన్ని ఏటా మార్చుకోవచ్చు. ఏమీ చెప్పకపోతే కొత్తదే వర్తిస్తుంది. పాతది కావాలంటే గడువులోపు వేసే రిటర్నులోనే చెప్పాలి, జులై 31 దాటితే ఆ దారి మూసుకుపోతుంది.

పన్ను సున్నా అయినా అయ్యవారు రిటర్ను వేయాల్సిందే. ఆదాయం 4 లక్షలు దాటింది కదా. "కట్టేది లేనప్పుడు వేసేదెందుకు" అని ఊరుకుంటే, 5 లక్షల పైన ఆదాయమున్నవాళ్లకు ఆలస్య రుసుమే 5,000 పడుతుంది.

అపోహ: లక్ష దాటితే దాటిన దాని మీదే టీడీఎస్ పడుతుంది.

డోన్ నుంచి వచ్చిన ఒకమ్మ విషయంలో ఇది బయటపడింది. భర్త పోయాక నెలకు 20,000 ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. 20 లక్షలు ఒకే బ్యాంకులో ఉన్నాయి, ఏడాది వడ్డీ 1,40,000. పైనున్న 40,000 మీద 4,000 పోతుందిలే అనుకున్నారు. పోయింది 14,000. హద్దు దాటాక మొత్తం వడ్డీ మీద 10 శాతం పట్టుకుంటారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం.

ఆమెకు నిజానికి పన్నే లేదు. ఫ్యామిలీ పెన్షన్ 2,40,000లో కొత్త విధానంలో 25,000 మినహాయింపు పోతే 2,15,000. వడ్డీ కలిపితే 3,55,000, 4 లక్షల లోపే. ఏప్రిల్‌లోనే బ్యాంకుకు 15హెచ్ ఫారం ఇచ్చి ఉంటే ఆ 14,000 పోయేదే కాదు. ఏడాది మొత్తం ఆదాయం మీద పన్ను సున్నా అవుతుందని 60 దాటినవాళ్లు ఇచ్చే ప్రకటన అది. రిబేటు వల్ల సున్నా అయ్యేవాళ్లు కూడా ఇవ్వచ్చు, ఈ సంగతి చాలామందికి తెలియదు. డిపాజిట్లున్న ప్రతి బ్యాంకులోనూ, ప్రతి ఏడాదీ ఇవ్వాలి. నిరుడు ఇచ్చినది ఈ ఏడాదికి చెల్లదు.

"ఇప్పుడు పోయి ఫారం ఇస్తే తిరిగి ఇస్తారా నాయనా?" అని అడిగారామె. ప్రభుత్వానికి జమ అయిపోయిన టీడీఎస్‌ను బ్యాంకు తిరిగి ఇవ్వలేదు. రిటర్ను వేసి రిఫండ్ తీసుకోవడమే దారి. 4 లక్షల లోపు కాబట్టి ఆమెకు రిటర్ను తప్పనిసరి కాదు, ఆ 14,000 కోసమే వేశాం.

పన్ను పడే ఆదాయం ఉండి కూడా 15హెచ్ మీద సంతకం పెట్టే వాళ్లనూ చూశాను. బ్యాంకులో ఎవరో ఫారం చేతికిచ్చి "పెట్టండి, కట్ కాదు" అంటారు. తప్పుడు ప్రకటన చట్టం ప్రకారం నేరం. సంతకం పెట్టే ముందు పెన్షను, అన్ని బ్యాంకుల వడ్డీ, ఇంటద్దె అన్నీ కాగితం మీద కూడి చూసుకోండి.

అపోహ: ఐదేళ్ల ఎఫ్‌డీ వడ్డీని గడువు తీరి చేతికొచ్చినప్పుడు చూపిస్తే చాలు.

వడ్డీ మధ్యలో తీసుకోకుండా అసలుకే కలిసిపోయే ఎఫ్‌డీల సంగతి ఇది. చేతికి రాకపోయినా బ్యాంకు ప్రతి ఏడాదీ ఆ ఏటి వడ్డీని లెక్కగట్టి చూపుతుంది, లక్ష దాటితే టీడీఎస్ కూడా పడుతుంది. మనం ఏటా చూపకుండా ఊరుకుంటే ఏఐఎస్‌కూ మన రిటర్నుకూ పొంతన ఉండదు. ఐదేళ్ల వడ్డీ ఒకే ఏడాది మీద పడితే ఆ ఏడాది ఆదాయం హద్దులు దాటిపోవచ్చు. పాత విధానంలో ఉన్నవాళ్లైతే ఏటా వాడుకోగలిగిన 50,000 మాఫీని నాలుగేళ్లు ఊరికే వదిలేసినట్టు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఏటా చూపమనే చెబుతాను.

అపోహ: వడ్డీ ఏదైనా 50,000 మాఫీలోకి వస్తుంది, సేవింగ్స్‌కు ఇంకో 10,000 అదనం.

రెండూ తప్పే. 10,000 మాఫీ 80టీటీఏ కింద 60 నిండనివాళ్ల సేవింగ్స్ వడ్డీకి. 60 నిండాక దాని బదులే 50,000, రెండూ కలిపి 60,000 కాదు. ఇక మన వైపు నోటు రాయించుకుని రెండ్రూపాయల వడ్డీకి ఇచ్చే అలవాటు ఉంది కదా, ఆ వడ్డీకి ఈ మాఫీ లేదు. కంపెనీ డిపాజిట్లకూ, బాండ్లకూ లేదు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ వడ్డీకి మాత్రం ఉంది.

అపోహ: 75 దాటితే పన్నూ లేదు, రిటర్నూ లేదు.

పన్ను ఉంటుంది. రిటర్ను వేసే పని నుంచి మాత్రమే కొందరికి వెసులుబాటు. 75 నిండి, పెన్షనూ వడ్డీ తప్ప వేరే ఆదాయం లేకుండా, ఆ వడ్డీ కూడా పెన్షన్ పడే బ్యాంకులోనిదే అయి, ఆ బ్యాంకులో 12బీబీఏ ఫారం ఇస్తే, పన్ను లెక్కగట్టి పట్టుకునే పని బ్యాంకే చేస్తుంది. పక్క బ్యాంకులో చిన్న ఎఫ్‌డీ ఒకటున్నా ఈ వెసులుబాటు వర్తించదు.