పొగమంచులో కొండ దిగడం: గ్రేడియెంట్ డిసెంట్ గురించి అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మెషీన్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్లకు మొదటి వారంలోనే, మోడల్ తప్పును అడుగడుగునా తగ్గించే గ్రేడియెంట్ డిసెంట్ గురించి ఈ పోలిక ఎదురవుతుంది. తెల్లవారుజామున నంది హిల్స్ మీద ఉన్నాం. పొగమంచు కమ్మేసింది, చెయ్యి చాపితే వేళ్లు కనిపించడం లేదు. కిందికి దిగాలి. కాలికింద నేల ఎటు వాలిందో చూసుకుని అటు ఒక అడుగు, మళ్లీ వాలు చూసుకుని ఇంకో అడుగు. ఇందులో మనం ఉన్న ఎత్తే లాస్, అంటే మోడల్ ఎంత తప్పుతోందో చెప్పే సంఖ్య. మనం నిలబడ్డ చోటు వెయిట్ల, అంటే మోడల్ నేర్చుకుంటూ మార్చుకునే సంఖ్యల, ప్రస్తుత విలువలు. కాలికి తగిలే వాలు గ్రేడియెంట్. అది ఎక్కుడు వైపు చూపిస్తుంది కాబట్టి మైనస్ పెట్టి వ్యతిరేక దిశలో వెళ్తాం.

ఈ పోలికలో మంచు సంగతి పూర్తిగా నిజం. పేచీ అంతా నడక దగ్గరే. మా టీమ్‌లో కొత్తగా చేరే పిల్లలు అడిగే ప్రశ్నల్లో చాలావరకు అక్కడినుంచే పుడతాయి. అందుకని కాగితం మీద లెక్కవేయగలిగినంత చిన్న కొండ ఒకటి తీసుకుందాం. దాని మీద ఎత్తు `x² + 25y²`. అడుగు భాగం ఒక్కటే, (0, 0) దగ్గర. మనం బయల్దేరేది (10, 1) నుంచి. అక్కడ ఎత్తు 100 + 25 = 125. గ్రేడియెంట్ (2x, 50y), అంటే బయల్దేరే చోట (20, 50).

అపోహ: గ్రేడియెంట్ లోయ అడుగుకు దారి చూపిస్తుంది.

చూపించదు. ఆ ఒక్క చోట నేల ఎటు ఎక్కువ నిటారుగా ఉందో చెబుతుంది, అంతే. మన కొండ మీద అడుగుకు చేరాలంటే x దిశలో 10, y దిశలో కేవలం 1 కదలాలి. గ్రేడియెంట్ మాత్రం x వైపు 20 కదిలితే y వైపు 50 కదలమంటోంది. వెళ్లాల్సిన దిశకూ అది చెప్పే దిశకూ 60 డిగ్రీలకు పైనే తేడా. ఈ లోయ x వెంబడి పొడుగ్గా, y వెంబడి ఇరుగ్గా ఉండటమే కారణం. ఇరుకు వైపు గోడలు నిటారుగా ఉంటాయి, కాలికి ముందు తగిలేది అవే. మంచు లేకపోతే లోయ పొడుగు చూసి దాని వెంటే నడిచేవాళ్లం.

అపోహ: వాలు నిటారుగా ఉంటే అది జాగ్రత్తగా చిన్న అడుగు వేస్తుంది.

మనిషైతే వేస్తాడు. నంది హిల్స్ మీద నిటారుగా తెగిన టిప్పు డ్రాప్ అంచు దగ్గరికి వచ్చినట్టు అనిపిస్తే పాదం ఎత్తడానికే భయపడతాం. గ్రేడియెంట్ డిసెంట్ సరిగ్గా దీనికి రివర్స్. అది వేసే అడుగు, మనం ముందే ఎంచి పెట్టే లెర్నింగ్ రేట్ అనే చిన్న సంఖ్యను గ్రేడియెంట్‌తో గుణించినంత ఉంటుంది. వాలు ఎంత నిటారైతే అడుగు అంత పెద్దది. పైగా అది అసలు అడుగే కాదు, గెంతు. మధ్యలో ఉన్న నేలను తాకదు. లోయ అడుగును దాటేసి అవతలి గోడ మీద దిగినా దానికి తెలియదు. దిగిన చోట ఎత్తు తగ్గిందా పెరిగిందా అని కూడా చూసుకోదు. మళ్లీ వాలు చూసుకుని మళ్లీ గెంతడమే దాని పని.

ఈ ఒక్క సంగతి మనసుకు పడితే లెర్నింగ్ రేట్ ఎందుకంత సతాయిస్తుందో అర్థమవుతుంది. మన కొండ మీద ప్రతి గెంతుకూ y విలువ (1 − 50 × లెర్నింగ్ రేట్)తో గుణింపబడుతుంది, x విలువ (1 − 2 × లెర్నింగ్ రేట్)తో. లెర్నింగ్ రేట్ 0.03 అయితే y ప్రతిసారీ −0.5తో గుణింపబడి 1, −0.5, 0.25 అంటూ అటూ ఇటూ ఊగుతూనే సద్దుమణుగుతుంది. x మాత్రం 10, 9.4, 8.84 అంటూ నింపాదిగా దిగుతుంది, 0.1 కిందికి చేరడానికి 75 గెంతులు పడుతుంది. అదే 0.05 పెడితే y ప్రతిసారీ −1.5 రెట్లు. లాస్ 125 నుంచి 137.25కి, తర్వాత 192కి, తర్వాత 338కి. x ఆ సమయమంతా చక్కగా సున్నా వైపే వెళ్తోందని గమనించండి. చెడగొట్టింది ఇరుకు వైపు ఒక్కటే. ఇలాగే వదిలేస్తే స్క్రీన్ మీద చివరికి కనిపించేది `inf`, తర్వాత `nan`.

లెర్నింగ్ రేట్ ఎంతవరకు పెంచవచ్చో నిర్ణయించేది లోయలో అన్నిటికన్నా ఇరుకైన వైపు. దిగడానికి ఎంతసేపు పడుతుందో నిర్ణయించేది అన్నిటికన్నా పొడుగైన వైపు. ఈ రెండిటి మధ్య తేడా పెరిగేకొద్దీ మన తిప్పలు పెరుగుతాయి.

అపోహ: లాస్ తగ్గడం ఆగిపోయిందంటే లోకల్ మినిమమ్‌లో ఇరుక్కున్నట్టే.

అన్నిటికన్నా ఎక్కువగా వినేది ఇదే. లోకల్ మినిమమ్ అంటే చుట్టుపక్కలకన్నా లోతైనదే అయినా అసలు అడుగు కాని గుంట. మధ్యాహ్నం భోజనాల దగ్గర కర్నూలు నుంచి వచ్చిన కుర్రాడొకడు ఇలాగే లాప్‌టాప్ తెచ్చి చూపించాడు. "అన్నా, లాస్ 25 దగ్గర ఆగిపోయింది. లోకల్ మినిమమ్ కదా?" వాడు నడిపింది నేనిచ్చిన ఈ కొండే. ఇందులో లోయ అడుగు ఒక్కటే ఉందని వాడికీ తెలుసు. అయినా ఆ మాట ముందు నోటికి వచ్చేసింది.

```python
x, y = 10.0, 1.0
lr = 0.04
for i in range(100):
    gx, gy = 2*x, 50*y
    x, y = x - lr*gx, y - lr*gy
    print(i + 1, x*x + 25*y*y, gx, gy)
```

"గ్రేడియెంట్ ప్రింట్ అవుతోంది కదరా, ఆ చివరి కాలమ్ చూడు" అన్నాను. లాస్ 125 నుంచి మొదలై పదో గెంతుకు 44కు, ముప్పయ్యోదానికి 25.7కు దిగి, ఆ తర్వాత 25 దగ్గర బండరాయిలా కూర్చుంది. చివరి కాలమ్‌లో మాత్రం 50, −50, 50, −50. లెర్నింగ్ రేట్ 0.04 దగ్గర y సరిగ్గా −1తో గుణింపబడుతుంది. అంటే ఈ గోడ మీదినుంచి ఆ గోడ మీదికి, అక్కడినుంచి ఇక్కడికి, ఒకే ఎత్తులో గెంతుతూ ఉంది. ఎత్తు మారడం లేదు కాబట్టి గ్రాఫ్ చదునుగా కనిపిస్తుంది. నిజంగా అడుగుకు చేరి ఉంటే గ్రేడియెంట్ సున్నాకు దగ్గరగా ఉండాలి. ఇక్కడ అది 50, పైగా ప్రతిసారీ గుర్తు మారుతోంది. వాడు లెర్నింగ్ రేట్‌ను సగం చేసి 0.02 పెట్టాడు. ఒక్క గెంతులో y సున్నా అయింది, పదిహేడో గెంతుకు లాస్ 25 కిందికి దిగిపోయింది.

చదునైన గ్రాఫ్‌కు ఇంకో కారణం దీనికి పూర్తిగా ఎదురుది. లెర్నింగ్ రేట్ 0.001 పెట్టండి. వంద గెంతులకు y దాదాపు సున్నా, కానీ x ఇంకా 8.2 దగ్గరే ఉంటుంది, లాస్ 67. అక్కడినుంచి తగ్గుదల గెంతుకు వెయ్యిలో నాలుగు పాళ్లు కూడా ఉండదు, గ్రాఫ్ చూస్తే పనైపోయినట్టే ఉంటుంది. అయినా గ్రేడియెంట్ 16 దగ్గర ఉంటుంది, గుర్తు మారదు. ఇలాంటప్పుడు చేయాల్సింది లెర్నింగ్ రేట్ పెంచడం. గుర్తు మారుతుంటే తగ్గించడం, మారకుండా నిలకడగా ఉంటే పెంచడం. గ్రాఫ్ ఒక్కటే చూస్తే ఈ రెండు జబ్బులకూ తేడా తెలియదు.

లోకల్ మినిమమ్‌లు లేవని కాదు. కానీ వర్గదోషంతో, అంటే తప్పును వర్గం చేసి కొలిచే లాస్‌తో, చేసే లీనియర్ రిగ్రెషన్‌లో అవి ఉండనే ఉండవు, లోయ ఒక్కటే. నేర్చుకునేవాళ్లు మొదట చేసేది అదే కనుక అక్కడ ఆ నెపం చెల్లదు.

అపోహ: లాస్ ఒక్కసారి పెరిగినా లెర్నింగ్ రేట్ తప్పే.

మొత్తం డేటాతో గ్రేడియెంట్ లెక్కిస్తుంటే అనుమానించాల్సిందే. ప్రతిసారీ డేటాలో కొన్ని వరుసలే తీసుకునే మినీబ్యాచ్‌లతో అయితే కాదు. 32 వరుసలు చూసి అంచనా వేసిన వాలు అసలు వాలుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, లాస్ ఎగుడుదిగుడుగా రావడం మామూలే. ఏది ఏదో తేల్చుకోవాలంటే ఒకే బ్యాచ్‌ను పదే పదే ఇచ్చి చూడండి. అప్పుడూ లాస్ ఎగబాకుతుంటే తప్పు గెంతుదే.

అపోహ: ఫీచర్ స్కేలింగ్ ఒక అలవాటు మాత్రమే, చేయకపోయినా నడుస్తుంది.

మారతహళ్లిలో ఫ్లాట్ల అద్దె అంచనా వేసే మోడల్ అనుకోండి. ఫీచర్లు రెండు: విస్తీర్ణం 1,200 చదరపు అడుగులు, పడక గదులు 2. విస్తీర్ణం వెయిట్‌ను 1 పెంచితే అంచనా 1,200 రూపాయలు మారుతుంది. గదుల వెయిట్‌ను 1 పెంచితే 2 రూపాయలు. వర్గదోషంలో లోయ వంపు ఫీచర్ వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఒక వైపు 14,40,000, ఇంకో వైపు 4. తేడా 3,60,000 రెట్లు. ఇందాక మన కొండ మీద తేడా 25 రెట్లే, అక్కడే అన్ని తిప్పలు పడ్డాం. ఇక్కడ విస్తీర్ణం వైపు పేలిపోకుండా ఉండేంత చిన్న లెర్నింగ్ రేట్ పెడితే గదుల వెయిట్ కదిలినట్టే ఉండదు.

ప్రతి ఫీచర్ నుంచి దాని సగటు తీసేసి, స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగిస్తే వంపులు సమానమవుతాయి. మన కొండ మీద 5y స్థానంలో z అనే కొత్త అక్షం తీసుకున్నట్టే అది. ఎత్తు `x² + z²` అవుతుంది, లోయ గుండ్రంగా మారుతుంది, గ్రేడియెంట్ సూటిగా అడుగు వైపే చూపిస్తుంది. లెర్నింగ్ రేట్ 0.5 పెడితే ఒకే గెంతులో దిగిపోతాం. అద్దె మోడల్‌లో ఇంత గుండ్రంగా రాదు. విస్తీర్ణం పెరిగితే గదులూ పెరుగుతాయి, ఆ పొత్తు వల్ల లోయ ఏటవాలుగా కొంత పొడుగ్గానే మిగులుతుంది. ఆ సగటూ డీవియేషనూ ట్రెయినింగ్ డేటా నుంచే తీసి, కొత్త ఫ్లాట్లకూ అవే వాడాలి.

అపోహ: ఆడమ్ వాడితే లెర్నింగ్ రేట్ గొడవ ఉండదు.

2014లో వచ్చిన ఆడమ్ అనే పద్ధతి ఒక్కో వెయిట్‌కూ అడుగును వేరుగా సర్దుతుంది. ఇరుకు వైపు, పొడుగు వైపు అన్న తేడా అందువల్ల బాగా తగ్గుతుంది, నేనూ అదే వాడతాను. కానీ వాలు ఎంత నిటారుగా ఉన్నా ఒక్క గెంతులో ఒక వెయిట్ కదిలేది సుమారుగా లెర్నింగ్ రేట్ అంత దూరమే. చాలా లైబ్రరీల్లో అది ముందే 0.001గా ఉంటుంది. మన కొండ మీద x 10 నుంచి సున్నాకు రావాలంటే ఆ లెక్కన పదివేల గెంతులు కావాలి. వెయ్యి గెంతులయ్యాక లాస్ ఇంకా 80 దాటి ఉంటే, ముందుగా మార్చి చూడాల్సింది ఆ 0.001నే.