సిస్టమ్ డిజైన్ ఇంటర్వ్యూలో అడిగే ఆ లెక్కలు ఎక్కడి నుంచి వచ్చాయి

ఎనిమిదేళ్లో పదేళ్లో అనుభవం ఉన్న ఇంజనీరుని కూర్చోబెట్టి "ట్విట్టర్ లాంటిది డిజైన్ చెయ్యండి" అని ఒక్క వాక్యం చెప్పి ముప్పావు గంట టైమ్ ఇస్తారు. చాలామంది వెంటనే గీయడం మొదలుపెడతారు: ముందు లోడ్ బ్యాలెన్సర్, దాని వెనక సర్వర్లు, పక్కన క్యాష్ కోసం రెడిస్, మధ్యలో క్యూ కోసం కాఫ్కా, అడుగున డేటాబేస్. బొమ్మలో తప్పేమీ ఉండదు. కానీ "ఇక్కడ క్యూ ఎందుకు పెట్టారు?" అని అడగ్గానే మాట ఆగిపోతుంది, ఎందుకంటే ఆ బొమ్మని ప్రిపరేషన్‌లో చూసి గుర్తుపెట్టుకున్నారు తప్ప, ఆ డబ్బా లేకపోతే ఎవరికి ఏ ఇబ్బంది వచ్చిందో తెలుసుకోలేదు. ఆ బొమ్మలో ఉన్న ప్రతి డబ్బా వెనకా ఒకప్పుడు ఫలానా కంపెనీలో ఫలానా అంకెలతో వచ్చిన ఒక చిక్కు ఉంది. ఆ కథ తెలిస్తే కంఠస్థం చెయ్యాల్సింది చాలా తగ్గుతుంది, అందుకే ఇది రాస్తున్నాను.

1990ల్లో మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూలు పజిల్స్‌కి పేరుపడ్డాయి, మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుంటుంది లాంటివి. గూగుల్ కూడా కొన్నాళ్లు ఆ దారిలోనే నడిచింది. 2013లో ఆ కంపెనీ హెచ్ఆర్ పెద్ద లాస్లో బాక్ ఒక పత్రికా ఇంటర్వ్యూలో ఆ పజిల్స్ పూర్తిగా టైమ్ దండగ అని బాహాటంగా చెప్పేశారు. ఈలోగా ఇంకొకటి జరిగింది. 2003లో గూగుల్ తన ఫైల్ సిస్టమ్ మీద పేపర్ బయటపెట్టింది, 2004లో మ్యాప్‌రెడ్యూస్, 2006లో బిగ్‌టేబుల్, 2007లో అమెజాన్ నుంచి డైనమో అనే డేటా స్టోర్ మీద. వేల మెషీన్ల మీద నడిచే సిస్టమ్ ఎలా కడతారన్నది అప్పటిదాకా కొద్ది కంపెనీల గోడల లోపలి సంగతి. నా అంచనాలో, ఈ పేపర్ల తర్వాతే బయటి నుంచి వచ్చిన అభ్యర్థిని కూడా ఇలాంటివి అడగడం న్యాయమయ్యింది.

ముందు అంచనా లెక్కల సంగతి. 2009, 2010 ప్రాంతంలో గూగుల్ ఇంజనీర్ జెఫ్ డీన్ తన ప్రసంగాల్లో ఒక చిన్న పట్టిక చూపించేవారు: మెమరీలో ఒక చోట చదవడానికి 100 నానోసెకన్లు, ఒకే డేటాసెంటర్ లోపల వెళ్లి రావడానికి అర మిల్లీసెకను, డిస్క్ మీద ఒక చోటు వెతుక్కోవడానికి 10 మిల్లీసెకన్లు, కాలిఫోర్నియా నుంచి నెదర్లాండ్స్ వెళ్లి రావడానికి 150 మిల్లీసెకన్లు. ఈ పట్టికని బట్టీపట్టినవాళ్లు లక్షల్లో ఉంటారు. దాని పక్కనే ఆయన చేసి చూపించిన లెక్కని పట్టించుకున్నవాళ్లు మాత్రం తక్కువ, అసలు విషయం అక్కడే ఉంది.

ఇమేజ్ సెర్చ్‌లో ఒక పేజీకి 30 థంబ్‌నెయిల్స్ చూపించాలి, ఒక్కో బొమ్మ 256 కేబీ, డిస్క్ సెకనుకు 30 ఎంబీ చదువుతుంది. ఒకదాని తర్వాత ఒకటి చదివితే ఒక్కో బొమ్మకి వెతుకులాట 10 మిల్లీసెకన్లు, చదవడం ఎనిమిదిన్నర, ముప్పై బొమ్మలకి కలిపి సుమారు 560 మిల్లీసెకన్లు. అన్నిటినీ వేర్వేరు డిస్కుల నుంచి ఒకేసారి అడిగితే సుమారు 18. అయితే ముప్పై డిస్కుల్లో ఏదో ఒకటి ఆలస్యం చేస్తుంది, కాబట్టి నిజానికి 30 నుంచి 60 పడుతుందని కూడా ఆయన అక్కడే రాశారు. కోడ్ ఒక్క లైన్ రాయకుండానే ఒక డిజైన్ పోయింది, ఇంకోటి నిలబడింది. అంచనా పని అంతే, రెండు దారుల్లో ఒకదాన్ని కొట్టెయ్యడం. ఇంటర్వ్యూలో పది నిమిషాలు బోర్డు మీద టెరాబైట్లు లెక్కేసి, ఆ అంకెని మళ్లీ ఒక్కసారి కూడా తలవకుండా ముగించేవాళ్లని చూస్తే బాధేస్తుంది. లెక్క అయ్యాక మీ నోటి వెంట "అందువల్ల" అనే మాట రాలేదంటే ఆ లెక్క వృథా అయినట్టే.

రిక్వైర్‌మెంట్స్ అడగడం ఎందుకన్నదానికి డైనమో కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అమెజాన్‌లో షాపింగ్ కార్ట్ ఉంది. డిస్కులు పోతున్నా, నెట్‌వర్క్ తెగుతున్నా కస్టమర్ కార్ట్‌లో వస్తువు వెయ్యగలగాలి అన్నది వాళ్లు పెట్టుకున్న షరతు. రాయడం ఎప్పుడూ ఆగకూడదు అన్నాక, ఒకే కార్ట్‌కి రెండు చోట్ల రెండు కాపీలు తయారవడం ఖాయం, తర్వాత వాటిని కలపాలి. కలిపేటప్పుడు వేసిన వస్తువు పోకూడదు కాబట్టి, ఒక్కోసారి తీసేసిన వస్తువు మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఆ ఇబ్బందిని వాళ్లు తెలిసే ఒప్పుకున్నారు, పేపర్‌లో రాశారు కూడా. ట్రేడాఫ్ అంటే ఇంటర్వ్యూలో ఈ స్థాయిలో చెప్పగలగాలి: ఏది దక్కింది, దానికి బదులుగా వాడేవాడి స్క్రీన్ మీద ఏం తేడా కనిపిస్తుంది. 2000లో ఎరిక్ బ్రూవర్ ప్రతిపాదించిన క్యాప్ సిద్ధాంతాన్ని "కన్సిస్టెన్సీ, అవైలబిలిటీ, పార్టిషన్ టాలరెన్స్, ఈ మూడింట్లో రెండు ఎంచుకోండి" అని అప్పజెప్పడం ఇక్కడ పనికిరాదు. ఆ వాక్యం తప్పుదోవ పట్టిస్తోందని 2012లో ఆయనే ఒక వ్యాసంలో చెప్పారు.

ఇక మొదటి ప్రశ్న, ట్విట్టర్. 2012 చివరికి ఆ కంపెనీ ఇంజనీర్లు బయటపెట్టిన అంకెలు చూద్దాం. రోజుకు సుమారు 40 కోట్ల ట్వీట్లు. ఇక్కడ మన లెక్క బాగా పనికొస్తుంది: రోజుకు 86,400 సెకన్లు, దాదాపు లక్ష. రోజుకు లక్ష అంటే సెకనుకు ఒకటి పైచిలుకు, కోటి అంటే 116, నలభై కోట్లంటే 4,600. (బోర్డు మీద మిలియన్లలోనే రాయండి, మనసులో కోట్లలో వేసుకోండి, నష్టం లేదు.) అదే సమయంలో టైమ్‌లైన్ తెరిచి చదివేవాళ్లు సెకనుకు 3 లక్షలు. అంటే ఒక్క రాతకి అరవైకి పైగా చదువులు.

చదివిన ప్రతిసారీ "నేను ఫాలో అయ్యేవాళ్లందరి ట్వీట్లు వెతికి, కలిపి, వరసలో పెట్టు" అంటే డేటాబేస్ మొయ్యలేదు. అందుకే పనిని రాసే వైపుకి జరిపారు: ట్వీట్ పడగానే ఫాలోవర్లు ఒక్కొక్కరి టైమ్‌లైన్ కాపీలోకి దాన్ని చేర్చెయ్యడం. సగటున ఒక ట్వీట్ 75 మందికి వెళ్తుంది, కాబట్టి సెకనుకు 4,600ని 75తో గుణిస్తే 3,45,000 రాతలు. ఎక్కువే, కానీ ఒక్కోటీ చాలా చిన్న పని. మెమరీలో పడుతుందా? ఒక్కో టైమ్‌లైన్‌లో 800 ట్వీట్లు ఉంచారు. ట్వీట్ మొత్తం అక్కర్లేదు, దాని ఐడీ, రాసినవాళ్ల ఐడీ, ఇంకొన్ని బైట్లు, మొత్తం 20 అనుకుంటే ఒకరికి 16 కేబీ. 15 కోట్ల మందికి 2.4 టెరాబైట్లు, మూడు కాపీలు ఉంచితే 7.2. మెషీన్‌కి 64 జీబీ వాడుకోగలిగితే 110కి కాస్త పైన మెషీన్లు. అందువల్ల మెమరీలోనే పెట్టొచ్చు, నిర్ణయం అయిపోయింది.

కానీ సగటు అనేది చాలా దాచేస్తుంది. అప్పటికే 3 కోట్ల మంది ఫాలోవర్లున్న సెలబ్రిటీలు ఉన్నారు. వాళ్లు ఒక్క ట్వీట్ పెడితే 3 కోట్ల రాతలు. సిస్టమ్ మొత్తం మిగతా అందర్నీ ఆపేసి ఈ ఒక్కదాని మీదే సెకనుకు 3,45,000 చొప్పున పనిచేసినా దాదాపు 87 సెకన్లు. వాళ్లు పెట్టుకున్న లక్ష్యం 5 సెకన్లు. దీని వల్ల ఒక వింత కూడా జరిగేది, సెలబ్రిటీ ట్వీట్ కొందరికి ఇంకా చేరకముందే దానికి వేరేవాళ్లు పెట్టిన రిప్లై వాళ్లకి కనిపించేది. అందుకే మిశ్రమ పద్ధతికి కదిలారు: మామూలు జనం ట్వీట్లు రాసేటప్పుడే పంచడం, పెద్ద ఖాతాలవి మాత్రం చదివేటప్పుడు తెచ్చి కలపడం. అంటే "ఒకరికి అత్యధికంగా ఎంతమంది ఫాలోవర్లుండొచ్చు? ఎన్ని సెకన్ల ఆలస్యం పర్లేదు?" అనే రెండు ప్రశ్నలు మొదటి ఐదు నిమిషాల్లో అడగకపోతే ఈ మలుపు దగ్గరికే మీరు చేరరు.

క్యూ ఎందుకన్న ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. 2013 ఆగస్టులో జపాన్‌లో ఒక పాత యానిమేషన్ సినిమా టీవీలో వస్తుంటే, అందులో పాత్రలు ఒక మంత్రం పలికే క్షణానికి ప్రేక్షకులంతా అదే మాట ట్వీట్ చేశారు. ఆ ఒక్క సెకనులో 1,43,199 ట్వీట్లు. అప్పటి సగటు 5,700, అంటే పాతిక రెట్లు. అలాంటి సెకను కోసం పంపిణీ వ్యవస్థ మొత్తాన్నీ పాతిక రెట్లు పెంచి కూర్చోలేం. ట్వీట్ తీసుకుని భద్రంగా దాచడం వెంటనే జరగాలి, పంచడం కొన్ని సెకన్లు వెనకపడొచ్చు, ఆ రెంటి మధ్యా క్యూ ఉండాలి. వెనకపడటం అస్సలు కుదరని చోట, ఉదాహరణకి సీటు దొరికిందో లేదో అక్కడే చెప్పాల్సిన టికెట్ బుకింగ్‌లో, ఇదే క్యూ మనల్ని కాపాడదు.

అదే ప్రశ్నలో ఒక్క అంకె మార్చి చూడండి. "ఇది ఒక ఆఫీసు లోపల వాడేది, 10,000 మంది ఉద్యోగులు" అని ఇంటర్వ్యూవర్ అన్నారనుకుందాం. తలా ఐదు పోస్టులు పెట్టినా రోజుకు 50,000, సెకనుకి ఒకటి కూడా లేదు. తలా ఇరవైసార్లు చదివితే రోజుకు 2 లక్షలు, సెకనుకు రెండో మూడో. పొద్దున్నే అందరూ ఒకేసారి తెరుస్తారనుకుని ఇరవై రెట్లు వేసుకున్నా యాభై. ఒక పోస్ట్‌గ్రెస్, దానికొక స్టాండ్‌బై, సరైన ఇండెక్స్ చాలు. కాపీలు పంచడం, రెడిస్ క్లస్టర్, కాఫ్కా అన్నీ అనవసరం. ఆ సంగతి ధైర్యంగా చెప్పడానికి సీనియర్ ఇంజనీర్లు కూడా ఎందుకో జంకుతారు, చిన్న బొమ్మ గీస్తే తక్కువ మార్కులొస్తాయని టెన్షన్. నేనైతే లెక్కతో సహా చిన్న బొమ్మ గీసినవాళ్లకే ఎక్కువ ఇస్తాను.

డీన్ పట్టికలో కొన్ని అంకెలు ఇప్పుడు పాతబడ్డాయి. 10 మిల్లీసెకన్ల డిస్క్ వెతుకులాట స్థానంలో ఎస్ఎస్‌డీ వచ్చాక అది మైక్రోసెకన్ల లెక్కలోకి దిగింది, ట్విట్టర్ లెక్కలోని ఆ 7.2 టెరాబైట్లు ఇప్పుడు పెద్ద మెషీన్లయితే పదింటిలోపే సరిపోతాయి. కాబట్టి పాత అంకెలతో "డిస్క్ నెమ్మది, అంతా క్యాష్‌లో పెడదాం" అంటే ఎదుటివాళ్లు పట్టుకుంటారు. దూరం మాత్రం తగ్గలేదు. హైదరాబాద్ నుంచి అమెరికా పశ్చిమ తీరానికి వెళ్లి రావడానికి ఇవాళ్టికీ 200 మిల్లీసెకన్లు దాటుతుంది, ఫైబర్‌లో కాంతి వేగం అడ్డం కాబట్టి ఏ మెషీన్ కొన్నా అది పోదు. డేటాసెంటర్లు రెండు రీజియన్లలో, అంటే ఇక్కడొకటి అక్కడొకటి పెడితే, ఇక్కడ రాసిన ప్రతి మార్పునీ అక్కడ కూడా ఖాయం చేశాకే "సరే" అనాలంటే వాడేవాళ్లు ప్రతిసారీ అంతసేపు ఆగాలి. ఆగకూడదంటే అక్కడి జనం కాసేపు పాత విషయం చదవడానికి, లేదా ఇక్కడి డేటాసెంటర్ పోతే చివరి కొన్ని రాతలు పోవడానికి ఒప్పుకోవాలి. ఆ రెంటిలో ఏది సమ్మతమో చెప్పాల్సింది ప్రోడక్ట్ వాళ్లు, ఇంటర్వ్యూలో ఆ కుర్చీలో ఉండేది ఇంటర్వ్యూవర్, కాబట్టి రెండో రీజియన్ బొమ్మ గీసేముందే ఆ ప్రశ్న అడగాలి.