డిసెంబర్‌లో కట్టిన కండువానే మే నెలలోనూ

డిసెంబర్ చివర్లో ఒకరోజు, ఆదిలాబాద్ దగ్గర, పొద్దున ఐదున్నరకి బండి తీశాను. ఫోన్‌లో 8 డిగ్రీలు చూపిస్తోంది. ఇంటి ముందు కిక్ కొట్టేటప్పుడు స్వెట్టర్ చాలనిపించింది గానీ, ఊరు దాటి 50లో పోతుంటే పది నిమిషాలకే చెంపలు మొద్దుబారిపోయి, కళ్లలో నీళ్లు కారుతూ, వేళ్లు బ్రేక్ మీద ఉన్నాయో లేదో కూడా తెలియలేదు. టీ కొట్టు దగ్గర ఆగితే పాలు పోయడానికొచ్చిన ఒక పెద్దాయన నన్ను చూసి, పాత పేపర్ ఒకటి చేతిలో పెట్టి, "అంగి లోపట పెట్టుకో బిడ్డా, గాలి ఆగుతది" అన్నాడు. పెట్టుకున్నాను, మొహానికి కండువా కూడా చుట్టుకున్నాను. మిగతా దారి హాయిగా గడిచింది.

ఇంటి ముందూ 8 డిగ్రీలే, రోడ్డు మీదా 8 డిగ్రీలే. పేపర్‌లో వేడేమీ లేదు. మరి మారిందేమిటి?

థర్మామీటర్ గాలి ఎంత వేడిగా ఉందో చెబుతుంది. మన చర్మానికి ఆ సంగతి నేరుగా తెలియదు, దానికి తెలిసేది తన వేడి ఎంత వేగంగా పోతోందన్నదే. చర్మం మామూలుగా 33, 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి కదలనప్పుడు చర్మాన్ని అంటిపెట్టుకుని ఒక పల్చటి గాలి పొర నిలుస్తుంది, మన వేడికి అది కూడా కాస్త వెచ్చబడుతుంది, బయటి చలికీ మనకీ మధ్య దుప్పటిలా పనిచేస్తుంది. కార్తీక మాసంలో తెల్లవారుజామున నదిలో మునిగినవాళ్లకి ఇది బాగా తెలుసు. నీళ్లలో కదలకుండా నిలబడితే ఒక నిమిషానికి ఒంటి చుట్టూ కాస్త వెచ్చగా ఉన్నట్టనిపిస్తుంది, పక్కవాళ్లు కదిలి నీళ్లు అలలు కొట్టగానే మళ్లీ జివ్వుమంటుంది. నీళ్లు కొత్తగా చల్లబడలేదు, మన చుట్టూ చేరిన వెచ్చటి పొర చెదిరిపోయింది, అంతే. బండి మీద గాలి చేసేదీ అదే. పేపర్, కండువా ఆ పొరను చెదరనివ్వవు.

దీన్ని మొదట లెక్కగట్టింది అంటార్కిటికాలో. 1941 చలికాలంలో పాల్ సైపుల్, చార్లెస్ ప్యాసెల్ అనే ఇద్దరు ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పావు కిలో నీళ్లు పోసి, గుడిసె కప్పు మీద గాలికి వేలాడదీసి, గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేవాళ్లు. గాలి వల్ల చలి ఎంత ఎక్కువగా తగులుతుందో చెప్పే విండ్ చిల్ లెక్క అక్కడ పుట్టింది. ప్రయోగం తెలివైనదే గానీ గొట్టం మనిషి మొహం కాదు. మొహం గాలికి చల్లబడే కొద్దీ చర్మం, బయటి గాలి మధ్య తేడా తగ్గుతుంది, దాంతో వేడి పోయే వేగమూ తగ్గుతుంది. పాత లెక్క మాత్రం చర్మం ఎప్పుడూ 33 దగ్గరే ఉంటుందనుకుంది. అందుకే అది చలిని పెద్దది చేసి చూపించేది. 2001లో అమెరికా, కెనడా కలిసి దాన్ని మార్చాయి. టొరంటోలో 12 మంది మొహాలకి సెన్సర్లు పెట్టి, చల్లటి గాలి వీచే సొరంగంలో నడిపించి కొలిచాక వచ్చిన సూత్రం ఇది:

```
W = 13.12 + 0.6215·T − 11.37·V^0.16 + 0.3965·T·V^0.16
```

W మొహానికి తెలిసే చలి, T గాలి ఉష్ణోగ్రత, రెండూ సెల్సియస్ డిగ్రీల్లో, V గాలి వేగం గంటకి కిలోమీటర్లలో. మైనస్ 10 డిగ్రీల్లో 30 కిలోమీటర్ల గాలి వీస్తుంటే పాత లెక్క మైనస్ 27 అనేది, కొత్తది మైనస్ 20 అంటుంది. ఏడు డిగ్రీల తేడా!

నా ఆదిలాబాద్ ప్రయాణాన్ని ఇందులో వేసి చూద్దాం, ఒక చిన్న మెలిక ఉంది. సూత్రంలోని V మొహానికి తగిలే గాలి కాదు, నేలకి 10 మీటర్ల ఎత్తున కొలిచిన గాలి. కింద మొహం ఎత్తుకి వచ్చేసరికి అందులో మూడింట రెండు వంతులే మిగులుతుందని లెక్క. బండి మీద నా మొహానికి 50 మొత్తం తగులుతోంది కాబట్టి V దగ్గర 75 వేయాలి. T కి 8 వేస్తే జవాబు 1.7, అంటే దాదాపు 2 డిగ్రీలు. గాలి లేని చోట 2 డిగ్రీల చలిలో మామూలుగా నడిచే మనిషి మొహం ఎంత వేడి కోల్పోతుందో, నా మొహం అంత కోల్పోయిందన్నమాట.

ఈ 2 బండికి వర్తించదు, నాకే. పెట్రోల్ ట్యాంక్ ఎంత గాలి కొట్టినా 8 కన్నా చల్లబడదు, 8 దాకా త్వరగా చేరుతుందంతే. ఫోన్‌లో ఫీల్స్ లైక్ మైనస్‌లో ఉంది కదా అని, బయట 3 డిగ్రీలున్నప్పుడు పైపుల్లో నీళ్లు గడ్డకడతాయని భయపడేవాళ్లని చూశాను, గాలి వల్ల అలా జరగదు. పైగా ఈ సూత్రం 10 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉన్నప్పుడే, అదీ ఎండ లేదనుకుని వేసినది.

ఇప్పుడు మే నెలకి రండి. రెంటచింతలలో 44 డిగ్రీలు, మధ్యాహ్నం రెండు, బస్సు కిటికీ దగ్గర సీటు. అదే గాలి ఇప్పుడు మొహాన్ని కాలుస్తుంది, ఎందుకంటే చర్మం 35లో ఉంది, గాలి 44లో ఉంది, వేడి అటు నుంచి ఇటు వస్తోంది. చలికాలంలో మన వేడిని కాపాడిన ఆ పల్చటి పొరే ఇప్పుడు బయటి వేడిని కాస్త ఆపుతోంది, వడగాలి దాన్ని ఊడ్చేస్తోంది. అందుకే మన ఆడవాళ్లు స్కూటీ మీద మే నెలలో కూడా మొహమంతా చున్నీ చుట్టుకుంటారు, చూసేవాళ్లకి ఉక్కపోత అనిపిస్తుంది గానీ వాళ్లు చేసేది సరైన పనే.

అయితే గాలి ఇక్కడ ఇంకో పని కూడా చేస్తుంది, చెమటను ఆరబెడుతుంది. చెమట ఆవిరవుతూ ఒంట్లో వేడిని బాగా తీసుకుపోతుంది కాబట్టి, చెమట సరిగా పడుతున్నంతసేపు వేడి గాలి కూడా కొంత మేలు చేయగలదు. వయసు పైబడినవాళ్లకి చెమట తక్కువ, నీళ్లు తాగనివాళ్లకీ అంతే, వాళ్లకి గాలి తెచ్చే వేడే మిగులుతుంది. 40 దాటితే ఫ్యాన్ ఒంటిని వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించేది ఇందుకే. ఇంట్లో ముసలివాళ్లుంటే ఫ్యాన్ వేసి వదిలేయకండి, తడి గుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఉండండి, అప్పుడు చెమట చేయాల్సిన పని ఆ తడి చేస్తుంది.

ఇక ఎండ. వార్తల్లో చెప్పే 44 నీడలోది. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటర్‌ని తెల్ల రంగు వేసి, గాలి ఆడేలా సందులు పెట్టిన చెక్క పెట్టెలో ఉంచుతారు, ఎండలో పెడితే అది గాలిని కాక తన గాజు వేడిని చూపిస్తుంది. మనం ఆ పెట్టెలో లేం. ఖాళీగా కూర్చున్న మనిషి ఒళ్లు పుట్టించే వేడి సుమారు 100 వాట్లు, నడినెత్తిన ఎండ దానికి అంతో, అంతకన్నా ఎక్కువో కలుపుతుంది. ఉక్కపోతని లెక్కగట్టే హీట్ ఇండెక్స్ కూడా నీడకి వేసినదే, నేరుగా ఎండలో ఉంటే దాని మీద 8 డిగ్రీల దాకా కలుపుకోవాలని అమెరికా వాతావరణ శాఖ చెబుతుంది. పొలంలో పనిచేసేవాళ్లు ఫోన్‌లో అంకె చూసినా ఇది కలుపుకునే చూడాలి. ఆదిలాబాద్‌లో ఆ 8 డిగ్రీల పొద్దునే, ఎనిమిదింటికి గోడకి ఆనుకుని నీరెండలో నిలబడితే హాయిగా అనిపించేది కూడా ఈ లెక్కతోనే.

ఆ కండువా ఇప్పటికీ వాడుతున్నాను. మే నెలలో బయల్దేరే ముందు తడిపి పిండి కట్టుకుంటాను, ఆరగానే మళ్లీ తడుపుతాను. డిసెంబర్‌లో పొగమంచుకి అదే తడిసిందంటే మాత్రం బండి ఆపి, విప్పి, పొడిది కట్టుకుంటాను.