చిన్న పిల్లల బూట్లు: బిగింపు మారితే కొలత కూడా మారుతుంది

పిల్లలకు బూట్లు కొనేటప్పుడు మనం పొడవునే ఎక్కువగా చూస్తాం. అయితే ఒకే పొడవున్న బూటు ఒక రకం బిగింపుతో చక్కగా సరిపోయి, మరో రకంతో వేళ్లను నొక్కవచ్చు. ఐదేళ్ల పాప పాదం 17 సెంటీమీటర్లు, బూటు లోపలి పొడవు 18.2 సెంటీమీటర్లు అనుకుందాం. ముందు మిగిలే 12 మిల్లీమీటర్ల ఖాళీ నడకలో వేళ్లు కదలడానికి, రాబోయే నెలల్లో పాదం పెరగడానికి అవసరం. పాదం పైభాగాన్ని బిగింపు గట్టిగా పట్టి ఉంచితే మడమ వెనక గోడకు ఆనుకుని ఉంటుంది, ఖాళీ ముందువైపే నిలుస్తుంది. పట్టు వదులైతే పాదం ముందుకు జారి, ఖాళీ మడమ వెనక్కి చేరుతుంది, వేళ్లు ముందు అంచుకు గుద్దుకుంటాయి. అది చూసి బూటు చిన్నదైందనుకుని ఇంకా పెద్దది కొంటే జారుడు మరింత పెరుగుతుంది.

వెల్క్రోకు మూలం స్విట్జర్లాండ్ ఇంజినీరు జార్జ్ ద మెస్ట్రాల్ 1941లో తన కుక్క బొచ్చుకు అంటుకున్న ముళ్లకాయల్లో గమనించిన కొక్కేలు. దాని సుగుణం ఏమిటంటే, పక్కకు లాగే బలాన్ని బాగా తట్టుకుంటుంది, అంచు పట్టి పైకి లేపితే మాత్రం సులువుగా ఊడుతుంది. అందుకే మూడేళ్ల పిల్లల వేళ్లకూ అది లొంగుతుంది. చిక్కంతా బిగించడంలోనే ఉంది. పిల్లలు పట్టీని లాగకుండా, అలవాటైన చోటే అతికించేస్తారు. ఉంగరంలోంచి వెనక్కి మడిచే పట్టీ అయితే లాగక తప్పదు, పైగా రాపిడి పోను లాగిన బలానికి దాదాపు రెట్టింపు బిగువు వస్తుంది కనుక నేను దానినే ఎంచుకుంటాను. మడమను నేలకు ఆనించి, ముందు భాగం పైకెత్తి, మడమను వెనక్కి తట్టి, ఆ తరువాత పట్టీ లాగడం పిల్లలకు నేర్పాలి. పాదం ఎత్తుగా ఉన్న పిల్లలకు పట్టీ చివర అవతలి మెత్తని భాగాన్ని సగమే అందుకుంటే పరుగులో ఊడిపోతుంది. కొక్కేల్లో పేరుకున్న నూలుపోగులను పాత టూత్‌బ్రష్‌తో తీసేస్తే పట్టు చాలావరకు తిరిగి వస్తుంది.

ఎలాస్టిక్‌తో తొడగడం అన్నిటికన్నా తేలిక. కానీ తొడగడానికి సాగినదే పరుగెత్తి ఆగేటప్పుడు కూడా సాగుతుంది, కాబట్టి సన్నని పాదం జారుతుంది, జారకుండా ఉండటానికి పిల్లలు వేళ్లు ముడుస్తారు. సాక్సు విప్పగానే వేళ్ల పైన ఎర్రటి మచ్చలు కనిపిస్తే దీన్ని అనుమానించాలి. నిండైన పాదానికి అదే పట్టీ అడ్డంగా గాడి పెడుతుంది.

లేసులు ఒత్తిడిని ఒక్కచోట కాక వరుస వరుసకూ పంచుతాయి కనుక, సన్నని పాదానికైనా ఎత్తైన పాదానికైనా బాగా అమరుతాయి. అయితే చాలామంది పిల్లలకు ఐదారేళ్లు దాటాకే ముడి పట్టుబడుతుంది. ముడి వేసినా కాసేపటికే వదులైతే, దాని రెండు చెవులు ఎటు పడుకున్నాయో చూడండి. బూటుకు అడ్డంగా ఉంటే ముడి సరైనది. పొడవునా తిరిగి ఉంటే మొదటి మెలిక, రెండో మెలిక ఒకే దిశలో పడ్డాయని అర్థం. మొదటి మెలికలో కుడి లేసును ఎడమదాని పైనుంచి వేస్తుంటే ఈసారి కిందనుంచి వేయమనాలి, మిగతా పద్ధతి ఏమీ మార్చనక్కర్లేదు.