301 నుంచి 200 దాకా: షార్ట్ లింకు ఎక్కడ మలుపు తిరిగింది

గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ల టెలిగ్రామ్ ఛానెళ్లలో షార్ట్ లింకుల గొడవ మళ్లీ మొదలైంది. పుస్తకం పీడీఎఫ్ అని లింకు పెడతారు. నొక్కితే నాలుగైదు ప్రకటనల పేజీలు దాటాలి. ఆ పేజీలను తప్పించే ఉపాయం ఎవరైనా రాస్తే అడ్మిన్లు తీసేస్తున్నారు. "మేం కష్టపడి పెడుతున్నాం, ఆ నాలుగు పైసలు కూడా రానివ్వరా?" అని అడుగుతున్నారు.

పొడుగు లింకును పొట్టిగా చేసే సైట్లు ఎలా పుట్టాయో అందరికీ తెలిసిందే. ఈ గొడవ అర్థం కావాలంటే 2009కి వెళ్లాలి.

అప్పటిదాకా చాలా షార్ట్ లింకులు చేసే పని ఒక్కటే. మీరు bit.ly లింకు నొక్కితే దాని సర్వర్ 301 అనే జవాబిస్తుంది. "మీరు అడిగింది ఇక్కడ లేదు, ఫలానా చోట ఉంది, అక్కడికి వెళ్లండి" అని దాని అర్థం. ఆ చిరునామా Location అనే వరుసలో ఉంటుంది. బ్రౌజర్ దాన్ని చదివి మనల్ని అక్కడికి తీసుకెళ్తుంది. మధ్యలో మన కంటికి పేజీ ఏదీ కనపడదు. లింకు తెరవకుండానే అది ఎక్కడికి పోతుందో తెలుసుకోవాలంటే టెర్మినల్‌లో ఈ ఒక్క వరుస చాలు:

```
curl -sI "షార్ట్ లింకు ఇక్కడ"
```

2009లో adf.ly వచ్చింది. దాని లింకు నొక్కితే వచ్చిన జవాబు 301 కాదు, 200. అంటే "మీరు అడిగిన పేజీ ఇదే, ఇక్కడే ఉండండి" అని. ఆ పేజీ నిండా ప్రకటన, పైన ఓ మూల ఐదు సెకన్ల లెక్క, అది పూర్తయ్యాక Skip Ad. లింకు పెట్టినవాళ్లకు వెయ్యి చూపులకు ఇంత అని డబ్బు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, నా లెక్కలో తర్వాత జరిగిందంతా దీన్నుంచే వచ్చింది. దారి చూపించి పక్కకు తప్పుకునే లింకు, మనిషిని ఎంతసేపు ఆపితే అంత సంపాదించే లింకుగా మారింది.

దీన్ని ముందుగా బాగా వాడుకున్నవాళ్లలో మైన్‌క్రాఫ్ట్ ఆటలో మార్పులు తెచ్చే మాడ్‌లు రాసే కుర్రాళ్లు ఉన్నారు. ఆట నిబంధనల ప్రకారం మాడ్‌ను డబ్బుకు అమ్మకూడదు. నెలల తరబడి రాసి ఉచితంగా ఇచ్చేవాళ్లకు ప్రకటన పేజీ ఒక్కటే ఆసరా అయింది. వాళ్ల పక్షాన న్యాయం ఉంది. ఆప్టిఫైన్ అనే మాడ్ పేజీలో ఆ న్యాయం కనిపిస్తుంది. అక్కడ Download నొక్కితే adfoc.us ప్రకటన పేజీ మీదుగా వెళ్తారు. పక్కనే Mirror అని ఇంకో లింకు ఉంటుంది, దానికి ఆ పేజీతో పనిలేదు. తయారుచేసినవాడే అడుగుతున్నాడు, వద్దనుకునేవాళ్లకు దారీ చూపిస్తున్నాడు.

మన అడ్మిన్లు ఇదే వాదన చేస్తున్నారు కానీ అది వాళ్లకు వర్తించదు. పుస్తకం వాళ్లు రాసింది కాదు, స్కాన్ కూడా చాలాసార్లు వాళ్లది కాదు. వేరే ఛానెల్‌లో దొరికిన ఫైలుకు కొత్త లింకు తగిలించి పెడతారు. సొంతంగా నోట్సు రాసి పెట్టేవాళ్ల సంగతి వేరు, వాళ్ల పేజీని ఓపిగ్గా చూడటంలో నాకు అభ్యంతరం లేదు.

ఇక తప్పించే ఉపాయాల సంగతి. మొదట్లో అసలు చిరునామా ప్రకటన పేజీ కోడ్‌లోనే దాగి ఉండేది. adf.ly దాన్ని ysmm అనే పేరుతో చిక్కుముడి అక్షరాల వరుసగా పెట్టేది. సున్నా నుంచి లెక్కపెట్టి సరి స్థానాల్లో ఉన్న అక్షరాలను వరుసగా, బేసి స్థానాల్లో ఉన్నవాటిని వెనక నుంచి ముందుకు పేర్చి, రెండూ కలిపి బేస్64 నుంచి విప్పి, మొదటి రెండు అక్షరాలు తీసేస్తే లింకు బయటపడేది. యూనివర్సల్ బైపాస్, దాని తర్వాత వచ్చిన ఫాస్ట్‌ఫార్వర్డ్ వంటి ఎక్స్‌టెన్షన్లు ఇలాంటి పనులే మన తరఫున చేసేవి.

దానికి విరుగుడుగా కొందరు చిరునామాను పేజీలోంచి తీసేసి సర్వర్‌లోనే ఉంచడం మొదలుపెట్టారు. టైమర్ పూర్తయ్యాకే, అన్ని మెట్లూ ఎక్కాకే సర్వర్ దాన్ని బయటపెడుతుంది. అలాంటి చోట పేజీ కోడ్ ఎంత వెతికినా ఏమీ దొరకదు. అన్ని లింకులనూ విప్పుతానని చెప్పే టూల్‌ను నమ్మి బ్రౌజర్‌లో అన్ని అనుమతులూ ఇస్తే, లింకు విడకపోగా కొత్త ముప్పు తెచ్చుకున్నట్టే.

మెట్లు మన దగ్గరే ఎక్కువ ఎందుకన్నదానికీ కారణం ఉంది. వెయ్యి చూపులకు ఇచ్చే డబ్బు చూసేవాళ్ల దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా, బ్రిటన్ నుంచి వచ్చే చూపుకు ఎక్కువ, భారత్ నుంచి వచ్చేదానికి బాగా తక్కువ. ఆ లోటును ఎక్కువ పేజీలతో పూడ్చుకుంటున్నారు. ఇన్సూరెన్స్, లోన్‌ల ప్రకటనలకు రేటు ఎక్కువ కాబట్టి ఆ పేజీల్లో ఉండేవి ఎక్కువగా వాటి మీద రాసిన వ్యాసాలే.

మొన్న మా మేనకోడలు పదో తరగతి సాంఘిక శాస్త్రం పీడీఎఫ్ కోసం ఇలాంటి లింకు పట్టుకుని నా దగ్గరకొచ్చింది. curl పెట్టి చూస్తే మొదట 302, అంటే ఇంకో షార్ట్ లింకుకు దారి. దానికి 200, అంటే ప్రకటన పేజీ. తెరిస్తే పర్సనల్ లోన్ మీద వ్యాసం, 15 సెకన్ల టైమర్, కిందికి జరిపితే Verify. దాన్ని నొక్కగానే వేరే ట్యాబ్‌లో ఏదో ఆట ప్రకటన తెరుచుకుంది. అది మూసేసి వెనక్కి వచ్చి మళ్లీ నొక్కితే ముందుకు కదిలింది. మూడో పేజీలో "రోబో కాదని నిరూపించడానికి Allow నొక్కండి" అని ఉంది. అది రోబో పరీక్ష కాదు, ఫోన్‌కు నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి. అంతకుముందు ఇంకో సైట్లో ఆ పిల్ల దాన్ని నొక్కేసింది, అప్పటినుంచి రోజంతా "మీ ఫోన్‌లో వైరస్ ఉంది" అని మెసేజ్‌లట. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి ఆ సైటును తీసేస్తే ఆగిపోయాయి.

చివరి పేజీలో మూడు డౌన్‌లోడ్ బటన్లు. బటన్ మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే అది పోయే చిరునామా కనిపిస్తుంది. రెండు ఎప్పుడూ వినని సైట్లకు, ఒకటి గూగుల్ డ్రైవ్‌కు. డ్రైవ్‌లో ఉన్న ఫైలు పేరు చివర .pdf కాదు, .apk. పుస్తకం బదులు ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయ్యే యాప్ అన్నమాట. అక్కడితో ఆపేశాం.

ఆ పుస్తకం తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ వేసింది. వాళ్ల సైట్ scert.telangana.gov.in లో పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు ఉచితంగా ఉంటాయి. షార్ట్ లింకు, టైమర్ లేకుండా అక్కడి నుంచే దించుకుంది. ఆ చిరునామాను తన గ్రూపులో పెట్టింది. సాయంత్రానికి అడ్మిన్ దాన్ని తీసేశాడు.