పన్ను పడితే కూల్‌డ్రింకు సీసా ఎటు పోతుంది?

పర్లాకిమిడిలో ఉన్నవాళ్లకు సరిహద్దు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఒడిశాలో పెట్రోలు చవక కాబట్టి అటు బళ్లు ఇటొచ్చి ట్యాంకు నింపుకుని పోతాయి. పాతపట్నం బంకులో అమ్మకాలు పడిపోయాయని చూపించి, అక్కడి జనం పెట్రోలు వాడకం తగ్గించారంటే ఇక్కడ ఎవరూ నమ్మరు. చక్కెర పన్ను పనిచేస్తుందో లేదో తేల్చడంలో అసలు చిక్కు ఇదే.

తీపి పానీయం వల్ల వచ్చే జబ్బుల ఖర్చులో కొంత తాగినవాడి మీద కాక ఇంటి మీద, సర్కారు ఆసుపత్రి మీద పడుతుంది. ఆ ఖర్చు సీసా ధరలో ఉండదు. దాన్ని పన్ను రూపంలో ధరలోకి తేవాలన్నది బ్రిటిష్ ఆర్థికశాస్త్రవేత్త పిగూ నుంచి వచ్చిన ఆలోచన. ఖజానా ఎంత నిండిందన్నది ఇక్కడ రెండో ప్రశ్న. కొనుగోలు తగ్గిందా అన్నదే మొదటిది.

అమెరికాలోని ఫిలడెల్ఫియా 2017 జనవరి 1 నుంచి ఔన్సుకు ఒకటిన్నర సెంటు పన్ను వేసింది. ఔన్సంటే సుమారు 30 మిల్లీలీటర్లు. రెండు లీటర్ల సీసాకు దాదాపు ఒక డాలరు పడుతుంది. పరిశోధకులు ముందుగా చూసింది, ఆ పన్ను కొట్టులో ధరకెక్కిందా అని. కంపెనీయో వ్యాపారో తన లాభంలోంచి భరిస్తే కొనేవాడికి ఏమీ తెలియదు, అలవాటు మారదు. మన దగ్గరైతే దీన్ని ఎంఆర్‌పీ చూసి తేల్చలేం. పది రూపాయల సీసా పది రూపాయలే ఉండి, లోపలి పానీయం తగ్గిపోతుంది. అందుకే లెక్క ఎప్పుడూ మిల్లీలీటరుకు కట్టాలి.

తర్వాత పోలిక. వేసవి చల్లబడితే పన్ను లేకపోయినా అమ్మకాలు తగ్గుతాయి. కాబట్టి పన్ను లేని మరో ఊరు కావాలి. పన్ను ఊళ్లో అమ్మకం వెయ్యి కేసుల నుంచి 700కి, పోలిక ఊళ్లో వెయ్యి నుంచి 900కి వచ్చిందనుకోండి. వంద కేసులు వాతావరణం ఖాతాలోకి పోతాయి. మిగిలిన 200 పన్ను ఖాతా. ఈ లెక్క చెల్లాలంటే పన్నుకు ముందు నెలల్లో రెండు ఊళ్ల అమ్మకాలు కలిసి పెరిగి కలిసి తగ్గుతూ ఉండాలి. గీత గీసి చూస్తే తెలిసిపోతుంది.

ఆ పోలిక ఊరు పక్క ఊరు కాకూడదు. చాలామంది పొరపడేది ఇక్కడే. పాతపట్నంలో మాత్రమే పన్ను పడి, వాతావరణంలో ఏ మార్పూ లేకుండా, అక్కడ అమ్మకం వెయ్యి నుంచి 700కి పడిందనుకుందాం. పోయిన 300లో వంద కేసులు జనం పర్లాకిమిడి వచ్చి కొన్నవే. ఇక్కడ వెయ్యి కాస్తా 1,100 అవుతుంది. ఈ రెండూ పోలిస్తే పన్ను 400 కేసులు తగ్గించిందని వస్తుంది. నిజంగా తగ్గింది 200. దాటిన ప్రతి సీసా అక్కడ తరుగుగా ఒకసారి, ఇక్కడ పెరుగుగా ఇంకోసారి లెక్కలో పడింది. పాఠ్యపుస్తకాల్లో డిమాండు గీత ఒక్కటే గీసి వదిలేస్తారు. సరిహద్దు పక్క పిల్లలకు ఈ లెక్క చెబితే ఎంత బాగా అర్థమవుతుందో!

అందుకే ఫిలడెల్ఫియాను దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని బాల్టిమోర్‌తో పోల్చారు. పొలిమేర కొట్లను విడిగా లెక్కించారు. 2019లో వచ్చిన అధ్యయనంలో, పెద్ద దుకాణాల గొలుసుల్లో నగరం లోపలి అమ్మకాలు 51 శాతం పడ్డాయి. అందులో దాదాపు పావు వంతు పొలిమేర అవతల తేలింది. నికరంగా తగ్గింది 38 శాతం. 2021లో మరో బృందం ఆరు మైళ్ల దూరం దాకా కొట్లను చూసింది. వాళ్ల లెక్కలో నగరంలో తరుగు 46 శాతం, నికరంగా 22 శాతమే. వల ఎంత వెడల్పుగా వేస్తే దాటిపోయిన సీసాలు అంత ఎక్కువ దొరుకుతాయి. బిల్లు యంత్రం లేని చిన్న కొట్లు మాత్రం ఇలాంటి లెక్కల్లోకి సరిగా రావు. మన కిరాణా, పాన్‌షాపుల సంగతి చూస్తే అది పెద్ద లోటు.

ఇదే పరీక్ష మన సరిహద్దులో చేయగలమా? ఇప్పుడున్న పన్నుతో చేయలేం. కూల్‌డ్రింకుల మీద జీఎస్టీ రెండువైపులా ఒకటే. 2025 సెప్టెంబరు 22న 40 శాతం రేటు వచ్చిందని, ఆ తేదీకి ముందూ వెనకా అమ్మకాలు పోల్చినా ఉపయోగం లేదు. అంతకుముందు 28 శాతం పన్ను, 12 శాతం సెస్సు కలిపి కట్టిందీ 40 శాతమే. పైగా అందులో చక్కెర గ్రాములకు లెక్కే లేదు. చక్కెర బదులు వేరే తీపి కలిపిన డైట్ కూల్‌డ్రింకుకూ అదే రేటు. బ్రిటన్ 2018 ఏప్రిల్‌లో తెచ్చిన పన్నులో వంద మిల్లీలీటర్లకు 5 గ్రాములు, 8 గ్రాములు అని మెట్లు పెట్టారు. కంపెనీలు చక్కెర తగ్గించి కింది మెట్టుకు దిగాయి, చాలావరకు పన్ను అమల్లోకి రాకముందే. అక్కడ అమ్మిన సీసాల సంఖ్య చూస్తే ఏమీ తెలియదు. సీసాలోని గ్రాములు కొలవాలి.