వరిబీజం ఆపరేషన్‌కు సంతకం ఎవరిది?

నెల్లూరు పొగతోటలో ఏదో ఒక ఆసుపత్రి వార్డులో సాయంత్రం పూట కాసేపు కూర్చుంటే చాలు, ఈ తంతు కనబడుతుంది. రేపటి ఆపరేషన్ కాగితాన్ని నర్సు అట్టకు తగిలించి తెచ్చి, "ఇక్కడొకటి, ఇక్కడొకటి" అని వేలుపెట్టి చూపిస్తుంది. సంతకం పెట్టేది చాలాసార్లు రోగి కాదు, పక్కనున్న బావమరిదో పెద్దకొడుకో. అందులో ఏం రాశారని అడిగితే, "ఏముందన్నా, ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు" అంటారు.

ఆ కాగితం అడుగున తరచూ ఉండే ఒక వాక్యాన్ని మాత్రం చదవాలి. "ఏమి జరిగినను డాక్టరు గారికి గాని, ఆసుపత్రి వారికి గాని ఎట్టి బాధ్యత లేదు." దీని భాష మనకు తెలిసిందే. రిజిస్ట్రారు ఆఫీసు ముందు రైటర్లు రాసే పొలం కాగితాల్లో "నా పూర్తి ఇష్టపూర్వకముగా, ఎవరి బలవంతమును లేక" అని ఉండేది ఇదే బాణీలో. మాట గట్టిగానే వినబడుతుంది కానీ, కోర్టులో నిలవదు. డాక్టరు నిర్లక్ష్యం వల్ల హాని జరిగిందని తేలితే ఈ వాక్యం ఆయన్ను కాపాడలేదు. అయినా ఫారాల్లో నుంచి అది పోలేదు.

అసలు ఈ సంతకం కథ మొదట్లో ఒప్పుకున్నారా, లేదా అన్నంతవరకే ఉండేది. 1914లో న్యూయార్క్ కోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో, మత్తిచ్చి పరీక్ష చేయడానికి మాత్రమే ఒప్పుకున్నానని, డాక్టర్లు గడ్డ కూడా తీసేశారని ఒకావిడ చెప్పింది. తెలివిడి ఉన్న పెద్దవాళ్లెవరైనా తమ ఒంటికి ఏం చేయాలో తామే తేల్చుకునే హక్కు ఉందని జడ్జి కార్డోజో రాశారు. ఆ మాట నిలిచింది కానీ, ఆసుపత్రి మీద వేసిన ఆ కేసులో ఆవిడ గెలవలేదు. ప్రశ్న మారింది 1957లో, కాలిఫోర్నియాలో. రక్తనాళంలోకి మందు ఎక్కించి చేసిన పరీక్ష తర్వాత ఒకాయన కాళ్లు చచ్చుబడ్డాయి. ఒప్పుకున్నాడు సరే, ఏం తెలిసి ఒప్పుకున్నాడని అక్కడి కోర్టు అడిగింది.

మన చట్టంలో ఈ ఆలోచన బొత్తిగా లేదనలేం. భయంతోనో పొరపాటు పడో ఇచ్చిన ఒప్పుదల ఒప్పుదల కాదని 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఉండేది, 2024లో దాని బదులు వచ్చిన న్యాయసంహితలోనూ ఉంది. కానీ డాక్టర్ల నడవడికపై 2002లో మెడికల్ కౌన్సిల్ తెచ్చిన నిబంధన వేరే రకంగా నడుస్తుంది. ఆపరేషన్‌కు ముందు రాతపూర్వకంగా భర్త లేదా భార్య, మైనరైతే తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, లేదా రోగి ఒప్పుకోవాలన్నారు. వరస చూడండి, రోగి ఆఖర్న ఉన్నాడు. బావమరిది సంతకం చెల్లుతుందన్న నమ్మకానికి ఇలాంటి వరసే దన్ను అని నా అనుమానం.

దాన్ని తిరగేసింది 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమీరా కోహ్లీ తీర్పు. 1995లో ఢిల్లీలో, నలభై నాలుగేళ్ల పెళ్లికాని మహిళ రక్తస్రావానికి కారణం తెలుసుకోవడానికి లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా సహాయ డాక్టరు బయటికొచ్చి తల్లి దగ్గర ఒప్పుదల తీసుకుంది. గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి వస్తే తప్ప, తెలివిడి ఉన్న పెద్దమనిషి తరఫున తల్లి చెప్పినా చెల్లదని, పరీక్షకు ఇచ్చిన ఒప్పుదల కోతకు పనికిరాదని కోర్టు తేల్చింది. పరిహారం ఇరవై ఐదు వేలే. డబ్బు కంటే మనకు పనికొచ్చేది, రోగికి ఏం చెప్పాలో కోర్టు చెప్పిన తీరు. చేసేదేమిటి, ఎందుకు, దానివల్ల మేలేమిటి, వేరే దారులున్నాయా, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, వద్దంటే ఏమవుతుంది. ఎక్కడో అరుదుగా జరిగేవన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదని కూడా అంది.

ఈ లెక్కన చిన్న ఆపరేషన్ ఫారం ఎలా ఉండాలి? బుచ్చిరెడ్డిపాళెం వైపు నుంచి వచ్చిన యాభై రెండేళ్ల రైతు అనుకుందాం. కుడివైపు వరిబీజం, నాలుగేళ్లుగా పెరుగుతోంది. పంచె కట్టుకుంటే కనబడదని ఊరుకున్నాడు, ఇప్పుడు బండి నడపడం కష్టమైంది. స్కానింగ్‌లో బీజం బాగానే ఉంది, చుట్టూ నీరు చేరింది, హెర్నియా లేదు. ఆయన చేతికిచ్చే కాగితంలో ఇలా ఉంటే అర్థమవుతుంది:

"మీ కుడి బీజం చుట్టూ ఉన్న సంచిలో నీరు చేరింది. నడుం దగ్గర సూది ఇచ్చి కాళ్లకు తిమ్మిరి తెప్పించి, చిన్న కోతతో నీరు తీసేస్తాం. సంచిని కోసేస్తాం, లేదా తిరగేసి కుడతాం. వాపు, బరువు తగ్గుతాయి. కాలికి బోదకాలు ఉంటే దీనితో అది తగ్గదు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు వాపు మామూలే. కొందరికి లోపల రక్తం గడ్డకట్టొచ్చు, చీము పట్టొచ్చు, మళ్లీ నీరు చేరొచ్చు. సూది వల్ల కొన్ని రోజులు తలనొప్పి రావొచ్చు, మూత్రం బిగుసుకోవచ్చు. బీజానికి దెబ్బ తగలడం అరుదు."

వేరే దారుల దగ్గరే ఫారాలు ముక్తసరిగా తేలుస్తాయి. "ఇతర పద్ధతులు వివరించబడినవి" అంటాయి, ఏవో చెప్పవు. మన రైతుకు నిజంగా దారులున్నాయి. సూదితో నీరు తీయించుకోవచ్చు, కానీ వారాల్లోనో నెలల్లోనో తిరిగి నిండుతుంది, చీము పట్టే భయమూ ఉంది. తీశాక సంచి అతుక్కునేలా మందు ఎక్కించే పద్ధతి ఉంది, ఒక్కసారితో సరిపోకపోవచ్చు. స్కానింగ్ బాగుంది కాబట్టి ఏమీ చేయించుకోకుండా ఉండొచ్చు కూడా. ప్రాణానికి ముప్పు లేదు, బరువు పెరుగుతుందంతే. వరికోతలయ్యాక వస్తానంటే కాదనడానికి డాక్టరు దగ్గర కారణం లేదు.

ఇంకొక ప్రశ్న ఉంది, దాన్ని ముందే అడగాలి. లోపల తెరిచాక బీజం పాడైనట్టు కనిపిస్తే? తీసేయమంటారా, కుట్టేసి తర్వాత మాట్లాడదామా? ఢిల్లీ కేసు జరిగింది సరిగ్గా ఇక్కడే. నడుం సూదికి మనిషి మెలకువగానే ఉంటాడు, అడగొచ్చు కదా అంటారు. బల్ల మీద, నిద్రమందు కూడా పడ్డాక, భయంలో చెప్పే మాటకు విలువ తక్కువ. అందుకే ఈ ఒక్క వాక్యానికి వేరే గడి, వేరే సంతకం ఉండాలి. అక్కడ ఆయన "వద్దు" అని రాస్తే, వరండాలో కూర్చున్న బావమరిది "కానీయండి సార్" అన్నా లెక్కలోకి రాదు.

సంతకం ఎప్పుడు పెట్టించారన్నదీ ముఖ్యమే. థియేటర్ తలుపు దగ్గర, బట్టలు మార్చాక, సెలైన్ ఎక్కుతుండగా పెట్టించే ఫారం పేరుకే. ముందు రోజు కాగితం ఇంటికిచ్చి పంపితే చదివించుకుంటారు. వేలిముద్ర వేసేవారికి సాక్షి సంతకం ఒక్కటీ చాలదు, ఎవరో ఒకరు చదివి వినిపించాలి. అర్థమైందో లేదో తెలుసుకోవాలంటే "అర్థమైందా" అని అడిగితే లాభం లేదు, తల ఊపుతారు. "రేపు మీకేం చేస్తామో మీరు నాకు చెప్పండి" అనాలి. "నీళ్లు తీసేస్తారు సార్, ఇంక రావంట" అని ఆయనంటే, మళ్లీ రావొచ్చన్న వాక్యం చెవిన పడలేదన్నమాట. మళ్లీ చెప్పాలి. ఆ తర్వాతే తారీఖు, సమయం, వివరించిన డాక్టరు పేరు. చాలా ఫారాల్లో ఖాళీగా ఉండేది ఆ మూడో గడే.